సీన్‌ను కాదు, సీన్‌కు ముందు జరిగినదాన్ని రిహార్సల్ చేయించాలి

డైలాగు నోటికొచ్చేసింది, ఎవరెక్కడ నిలబడాలో తేలిపోయింది, ఇంక షూటింగే తరువాయి. తిరుపతిలో షార్ట్ ఫిల్ములు తీసే టీముల్లో రిహార్సల్ అంటే సాధారణంగా ఇంతే. తీరా కెమెరా అద్దెకు తెచ్చిన రోజున, నటుడు మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెబుతాడు. ఎదుటివాడు ఆ మాటలు విన్నట్టు మాత్రం ఉండదు. తనవంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నట్టుంటుంది. డైరెక్టరు "ఇంకొంచెం ఫీల్ కావాలి బ్రో" అంటాడు. కొత్తవాడికి ఫీల్ అంటే తెలిసిన దారి ఒక్కటే, గొంతు పెంచడం. దాంతో సీన్ ఇంకాస్త చెడుతుంది.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఇంప్రొవైజేషన్ చేయిద్దామంటారు. పేపరు పక్కన పెట్టి అదే సీన్‌ను సొంత మాటల్లో చేయమంటారు. వాళ్లు చేస్తారు. రెండు నిమిషాల సీన్ ఏడు నిమిషాలవుతుంది, ఇద్దరూ తమ బాధ తామే వివరించుకుంటారు, చివర్లో ఒకరు ఏడుస్తారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. మర్నాడు పేపరు పట్టుకుంటే మళ్లీ పాత అప్పజెప్పడమే. "మనవాళ్లకి ఇంప్రొవైజేషన్ పనికిరాదబ్బా" అని వదిలేస్తారు.

ఇక్కడ రెండు వేర్వేరు పనులు ఒకే పేరు కింద కలిసిపోయాయి. కెమెరా ముందు అప్పటికప్పుడు మాటలు పుట్టించడం ఒక పని. పాత్రకు గతాన్ని, ఎదుటి మనిషితో ఉన్న లెక్కలను షూటింగ్‌కు ముందే నటుడి ఒంటికి పట్టించడం ఇంకొక పని. ఇంగ్లండ్ దర్శకుడు మైక్ లీ నెలల తరబడి నటులతో ఇంప్రొవైజ్ చేయిస్తాడని అందరూ చెప్పుకుంటారు. కానీ కెమెరా తిరిగే సమయానికి ఆయన సినిమాల్లో మాటలు చాలావరకు ఖరారైపోయి ఉంటాయన్న సంగతి ఎవరూ చెప్పుకోరు. ఔత్సాహిక నటులకు కావలసింది ఈ రెండో రకమే. మొదటిదాని జోలికి వెళ్లకపోతేనే మంచిదని నా అభిప్రాయం. ఎందుకో చివర్లో ఎడిటింగ్ సంగతి వచ్చినప్పుడు తెలుస్తుంది.

మాటలతో చెబితే ఇది గాల్లో ఉండిపోతుంది కాబట్టి ఒక సీన్ తీసుకుందాం. జూన్ నెల రాత్రి, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్లు వరుసగా ఆగి ఉన్నాయి. తోతాపురి లోడుతో వచ్చిన తండ్రికి ఇది క్యూలో రెండో రాత్రి. తిరుపతిలో చిన్న ఉద్యోగం చేసుకునే కొడుకు క్యారేజీలో అన్నం తెస్తాడు. తండ్రి తింటుండగా తోట అమ్మేద్దామంటాడు. తండ్రి అవునూ కాదూ అనడు. చివర్లో ఒకే ఒక్క మాట అంటాడు: "ఈ పప్పు మీయమ్మ చేసింది కాదు." అంటే కొడుకు ఊరికి పోకుండా, తల్లిని అడగకుండా, హోటల్లో కట్టించుకుని నేరుగా ఇక్కడికే వచ్చాడని ఆయనకు తెలిసిపోయింది. మొత్తం మూడు నిమిషాల సీన్.

తండ్రి వేషం వేసేది ఊళ్లో భారతం ఆడే మనిషి అనుకుందాం. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర భారత ఉత్సవాలు జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం ఉంటాయి కదా. అక్కడ ఆరితేరిన గొంతు ఆయనది. కొడుకు వేషానికి ఒక డిగ్రీ కుర్రాడు దొరికాడు, నటన అంటే అతనికి రీల్స్ మాత్రమే తెలుసు. ఒకరిది ఎక్కువ, ఇంకొకరిది తక్కువ. మన దగ్గర దొరికే జంటలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఈ సీన్‌కు నాలుగు సాయంత్రాలు చాలు, ఒక్కోటి రెండు గంటలు. అంతకు మించితే ఉద్యోగాలూ కాలేజీలూ ఉన్నవాళ్లు అలసిపోతారు, అలసిపోయినవాళ్లు ఇంప్రొవైజేషన్‌లో వెటకారానికి దిగుతారు.

మొదటి సాయంత్రం ఎవరూ నటించకూడదు. మిద్దె మీద చాప వేసుకుని కూర్చుని చదవడమే. డైరెక్టరు పని అంతా వినడమే, ఎందుకంటే తర్వాతి రెండు సాయంత్రాల్లో ఏ వ్యాయామం ఇవ్వాలో ఇక్కడ కనిపించే లోపాన్ని బట్టే తేలుతుంది. నెట్‌లో దొరికిన యాభై థియేటర్ గేముల జాబితాను వరుసగా ఆడించడం వల్ల ఉత్సాహం వస్తుంది తప్ప సీన్ మారదు. మన జంటలో తండ్రి ప్రతి వాక్యం చివర సాగదీస్తున్నాడు, చూపు కొడుకు మీద కాకుండా అతని తల మీదుగా ఎక్కడో ఉంది. వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా వినిపించాలన్న అలవాటు అది, తప్పు కాదు. కొడుకు తన డైలాగు మొదలయ్యే ముందు ప్రతిసారీ ఊపిరి పీలుస్తున్నాడు. తండ్రి మాట పూర్తికాక ముందే ఆ ఊపిరి వచ్చేస్తోందంటే వినడం లేదని అర్థం. ఈ రెండూ నోట్ చేసుకుంటే చాలు. పైకి చెప్పకూడదు. చెబితే ఆ క్షణం నుంచి ఒకాయన తన గొంతును, ఇంకొకడు తన ఊపిరిని కాపలా కాస్తూ కూర్చుంటారు.

అసలు పనంతా రెండో సాయంత్రానిది. ఆ రోజు సీన్ ముట్టుకోము. సీన్‌కు ముందు ఈ ఇద్దరి మధ్య జరిగి ఉండాల్సిన మూడు ఘటనలు ఎంచుకుని వాటిని ఆడిస్తాం. ఘటనలను ఎంచుకోవడంలోనే డైరెక్టరు తెలివంతా ఉంటుంది. స్క్రిప్టులో ఏ మాట బలహీనంగా పలుకుతోందో చూసి, ఆ మాట ఏ సంఘటన మీద నిలబడాలో వెతకాలి. కొడుకు డైలాగుల్లో ఒకటి, "ఆ తోట మనకేం పెట్టింది?" కుర్రాడు దీన్ని రీల్స్‌లో పంచ్‌లా కొడుతున్నాడు. తోట ఏం పెట్టిందో, ఏం పెట్టలేదో అతని ఒంటికి తెలియదు కనుక.

మొదటి ఘటన ఐదేళ్ల నాటిది. కొడుకు కాలేజీ హాస్టల్‌కు పోతున్నాడు, తండ్రి బస్టాండ్‌లో ఫీజు డబ్బు చేతిలో పెడతాడు. ఆడే ముందు ఒక్కొక్కరినీ విడిగా పక్కకు పిలిచి చెవిలో ఒక సూచన ఇవ్వాలి. తండ్రికి: "ఈ డబ్బు ఆవును అమ్మితే వచ్చింది. ఆ సంగతి చెప్పకూడదు. వాడు డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకునేదాకా బస్సు ఎక్కనివ్వద్దు." కొడుక్కి: "ఫీజు సగం ఫ్రెండు దగ్గర అప్పు చేసి ఇప్పటికే కట్టేశావు. నాయన దగ్గర ఈ డబ్బు తీసుకోకుండా బస్సు ఎక్కేయాలి." ఇందులో ఎక్కడా బాధపడు, కోప్పడు అన్న మాట లేదని గమనించండి. ఎదుటివాడితో ఏదో ఒక పని చేయించడమే ఇద్దరి లక్ష్యం. అది జరిగిందో లేదో కంటికి కనబడుతుంది. పది నిమిషాల్లో తేలిపోతుంది. బాధపడమని చెబితే నటుడు తనలోకి తాను చూసుకుంటాడు. డబ్బు జేబులో పెట్టించమంటే ఎదుటివాడి చేతివైపు చూడక తప్పదు. కొత్తవాళ్లకు వినడం నేర్పాలంటే నాకు తెలిసినంతలో ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

రెండోది పోయినేటి ఫోన్ కాల్. ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టాలి. తోటకు మందు కొట్టించాలి, కూలికి డబ్బు పంపమని తండ్రి అడగాలి. కొడుకు పక్కనే సూపర్‌వైజరు ఉన్నాడు కాబట్టి అతను గొంతెత్తలేడు. ముఖాలు కనబడవు కనుక మాటల మధ్య ఖాళీలే దిక్కు. మన భారతం నటుడికి ముఖమూ చేతులూ పనికిరాకుండా పోయే మొదటి సందర్భం ఇది. ఐదు నిమిషాలు చాలు.

మూడోది నిన్నటి సాయంత్రం. ఇందులో తండ్రి లేడు, ఆ వేషం వేసేవాణ్ని ఇంటికి పంపించేయాలి. టీములో ఒకరు భూముల బ్రోకరు అవుతారు. కొడుకు చేతిలో బయానా పెట్టాలన్నది బ్రోకరు లక్ష్యం, ఇంట్లో మాట్లాడి చెబుతానని తప్పించుకోవడం కొడుకు లక్ష్యం. తీసుకుంటాడా లేదా అన్నది ఆటలోనే తేలాలి. ఏది తేలినా అది తండ్రి వేషధారికి చెప్పకూడదు, స్క్రిప్టులోనూ రాయకూడదు. మైక్ లీ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే: పాత్రకు తెలియనిది నటుడికీ తెలియనివ్వకపోవడం. రేపు ట్రాక్టరు పక్కన కూర్చున్నప్పుడు కొడుకు జేబులో ఏదో ఉంది, తండ్రికి దాని వాసన తగులుతుంది, ఏమిటో తెలియదు. ఆ వాసనను డైలాగుగా రాయలేము.

ఆట నడుస్తున్నప్పుడు ఆపి సలహాలు ఇవ్వకూడదు. షికాగోలో పిల్లలతో, కొత్తవాళ్లతో థియేటర్ ఆటలు ఆడించి వాటినొక పద్ధతిగా మలిచిన వయోలా స్పోలిన్ దీనికొక దారి చూపింది. పక్కనుంచి చిన్న మాట అందిస్తూ ఉండాలి, ఆట ఆగకూడదు. "డబ్బు చూడు", "బస్సు హారన్ కొట్టింది", "ఆయన చెయ్యి ఎట్లుందో చూడు" లాంటివి. నటుడు డైరెక్టరు వైపు తిరగకుండా ఆ మాటను ఆటలోకి తీసుకుంటాడు.

ఇక్కడ ఒక చిక్కు. ఇంప్రొవైజేషన్‌లో ఎదుటివాడు ఇచ్చినదాన్ని ఒప్పుకోవాలి, కాదనకూడదు అని ఒక నియమం విని ఉంటారు. హాస్యం ఆడేవాళ్ల నుంచి వచ్చిందది. దాన్ని యథాతథంగా పట్టుకుంటే మన సీన్‌లో తండ్రి తోట అమ్మడానికి ఒప్పేసుకోవాలి! పాత్ర ఎంతైనా కాదనొచ్చు. నటుడు కాదనకూడనిది ఎదుటివాడు చెప్పిన విషయాన్ని మాత్రమే. తండ్రి "పోయినేడు మీ మామ పెళ్లికి అప్పు చేసినాము గదా" అంటే కొడుకు "ఆ అప్పు నీది, నాది కాదు" అనొచ్చు. "మామకు పెళ్లే కాలేదు" అంటే మాత్రం ఇద్దరి కాళ్ల కింద నేల పోతుంది. ఈ తేడా ఒక్కటి ముందే చెబితే సగం గొడవలు రావు.

ఆట చెడిపోతోందని తెలిసే గుర్తులు రెండు. ఒకటి, నటుడి కళ్లు చూసేవాళ్ల వైపు పోతాయి, జోకులు మొదలవుతాయి. మందు సులువే, చూసేవాళ్లను కిందికి పంపేయడం. ఫోన్‌తో వీడియో తీయడం కూడా మానుకోవాలి, ఆడియో రికార్డు చేసుకుంటే చాలు. రెండోది, వాక్యాలు పెరిగిపోతాయి. "నువ్వు నన్నెప్పుడూ అర్థం చేసుకోలేదు, నేనెంత కష్టపడ్డానో నీకు తెలుసా" తరహా మాటలు వస్తున్నాయంటే సినిమాలు మాట్లాడుతున్నాయని లెక్క. అప్పుడు ఒక కట్టుబాటు పెట్టాలి, ఇకనుంచి ఎవరికీ ఒక్కసారికి మూడు మాటలకు మించి లేవని. "డబ్బు ఉంచుకో." "నాకొద్దు నాయనా." "లెక్కపెట్టు." మాటలు కరువైతే చేతులు పనిలోకి దిగుతాయి. చెడిన ఆటను మాత్రం మళ్లీ మొదటినుంచి ఆడించవద్దు. రెండోసారి అది ఆట కాదు, గుర్తు తెచ్చుకోవడం. పరిస్థితిని మార్చి ఇంకొకటి ఇవ్వాలి.

పనయిందా లేదా తెలుసుకోవడానికి వెంటనే, పాత్రలోంచి బయటికి రాకముందే, రెండు మూడు ప్రశ్నలు అడగాలి. "బస్సు ఎక్కినాక ఏం చేసినావు?" "చానా బాధేసింది" అని జవాబొస్తే ఇంకా కాలేదు. "నోట్లు తడిగా ఉన్నాయి, నాయన చొక్కా జేబులో చెమటకి" అని వస్తే అయినట్టే. ఆ వివరం ఎవరూ రాసివ్వలేదు. అప్పుడు టీ తాగించి, స్క్రిప్టు చేతికిచ్చి, కూర్చునే ఒక్కసారి చదివించాలి. "ఆ తోట మనకేం పెట్టింది?" అన్నప్పుడు ఈసారి పంచ్ ఉండదు. అనేసి తల దించుకుంటాడు, లేకపోతే మధ్యలో ఆగుతాడు. ఆ రోజుకు అక్కడితో ఆపేయాలి.

మూడో సాయంత్రం సీన్ దగ్గరికి వస్తాం. రష్యా దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ చివరి రోజుల్లో, 1930ల్లో, నటులను ముందుగా మాటలు బట్టీ పట్టనివ్వకుండా సీన్‌లో జరిగేదాన్ని సొంత మాటలతో ఆడించేవాడు. ఆ పద్ధతినే కాస్త మార్చుకుంటే మనకు సరిపోతుంది. సీన్ ఒకసారి చదివి పేపరు మూసేయాలి. ఇందులో ఏం జరుగుతుందో ఇద్దరూ ఒక్కో వాక్యంలో చెప్పాలి. తర్వాత సొంత మాటల్లో ఆడాలి. అయ్యాక పేపరు తెరిచి ఏం వదిలేశామో చూడాలి. విలువంతా ఈ చివరి మెట్టులోనే ఉంది. కొడుకు ప్రతిసారీ ఒకే డైలాగు వదిలేస్తున్నాడంటే, అతనికి దాని అవసరం తెలియలేదో, రాసినవాడే అనవసరంగా రాశాడో తేల్చుకోవాలి. నా అనుభవంలో సగానికి సగం రాసినవాడిదే తప్పు.

మాట తీరు కూడా ఇక్కడే మారుతుంది. పేపరు మీద "నాన్నా, నేను చెప్పేది మీకు అర్థం కావడం లేదు" అని ఉంటుంది. ఆటలో కుర్రాడి నోట వచ్చేది "నాయనా, నేను జెప్పేది నీ చెవికి పోతాందా లేదా?" రికార్డు చేసిన ఆడియోలోంచి ఇలాంటివి ఏరి స్క్రిప్టులోకి ఎక్కించాలి. ఏరడం అంటే నాలుగైదు మాటలే. ఆటంతా రాసుకుని దాన్నే స్క్రిప్టు అనుకుంటే సీన్ నీళ్లు పోసిన మజ్జిగ అవుతుంది.

ఇప్పుడు తండ్రి గొంతు సంగతి. "యాక్టింగ్ తగ్గించండన్నా" అంటే ఆయన నొచ్చుకుంటాడు, పైగా ఎలా తగ్గించాలో తెలియదు. దానికి బదులు పరిస్థితిలో ఒకటి కలపాలి: ట్రాక్టరు కింద, పక్క ట్రాక్టరు కింద డ్రైవర్లు పడుకుని నిద్రపోతున్నారు. రెండు రాత్రుల నిద్ర బాకీ వాళ్లది, లేపితే బూతులు తిడతారు. టీములో ఇద్దరిని నిజంగానే చాప మీద పడుకోబెట్టి, గొంతు పెరిగినప్పుడల్లా కదలమని చెప్పండి. పదేళ్లుగా వేల మందికి వినిపించిన గొంతు తనంతట తనే మూరెడు దూరానికి దిగుతుంది. సాగదీయడం కూడా పోతుంది, ఎందుకంటే గుసగుసను సాగదీయలేం.

చేతికి పని ఇవ్వడం మరిచిపోవద్దు. తండ్రి తింటున్నాడు, సరే. కొడుకు ఊరకే నిలబడితే చేతులేం చేయాలో అతనికి తెలియదు. లోడు మీద పట్ట కట్టిన తాడు వదులైంది, బిగించమనండి. తాడు బిగిస్తూ అనే మాటకు, ముడి పడ్డాక అనే మాటకు తేడా వాళ్లే కనిపెడతారు.

ఇంకొక వ్యాయామం పెద్దరికానికి సంబంధించింది. లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో పనిచేసిన కీత్ జాన్‌స్టన్ నటులకు చిన్న సూచన ఇచ్చేవాడు: ఎదుటివాడి కన్నా కొంచెమే పైన ఉండు, లేదా కొంచెమే కింద ఉండు. కొంచెమే అన్నది కీలకం. ఎక్కువ తేడా ఇస్తే జమీందారూ పాలేరూ అయిపోతారు. అవే డైలాగులతో సీన్‌ను మొదట కొడుకు కొంచెం పైన ఉన్నట్టు, తర్వాత కొంచెం కింద ఉన్నట్టు చేయించాలి. డబ్బు సంపాదిస్తున్నవాడు కాబట్టి కొడుకే పైన ఉంటాడని మొదట అనిపిస్తుంది. చేసి చూస్తే, తండ్రి మౌనంగా తింటున్నంత సేపూ ఆయనదే పైచేయి అని తెలుస్తుంది. ఇక ఆ చివరి మాట, పప్పు మాట, ఈ సాయంత్రం ఎవరితోనూ ఆడించవద్దు. దాని ముందే సీన్ ఆపేయాలి. అన్నీ రిహార్సల్‌లో ఖర్చు పెట్టేస్తే కెమెరాకు మిగలదు.

కొందరు కన్నీళ్ల కోసం నటుడి సొంత గాయాలను తవ్వుతారు. మీ నాయన పోయిన రోజు గుర్తు తెచ్చుకో అంటారు. శిక్షణ లేనివాళ్లతో ఇది చేయకూడదు. తవ్వినదాన్ని మళ్లీ పూడ్చడం మనకు రాదు, టేకు టేకుకూ అదే రాదు కూడా. ఆవు అమ్మిన కథ కల్పితం కాబట్టి ఆయన దాన్ని చాప దగ్గరే వదిలేసి ఇంటికి పోగలడు. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఆట ఆపేయడానికి ఒక మాట ముందే అనుకోవాలి. తోయడం, చెయ్యి చేసుకోవడం లాంటివి ముందే ఒప్పుకుని ఉంటే తప్ప ఇంప్రొవైజేషన్‌లోకి రానివ్వకూడదు.

నాలుగో సాయంత్రం లొకేషన్‌లో, వీలైతే అదే ట్రాక్టరు పక్కన. ఇక కొత్తగా పుట్టించేది ఏదీ లేదు, బిగించడమే. ఈ సీన్‌ను కనీసం మూడు కోణాల్లో తీస్తాం: ఇద్దరూ కనిపించే షాటు, ఒక్కొక్కరి క్లోజప్. మొదటి షాటులో ఒక మాట, క్లోజప్‌లో ఇంకో మాట అంటే ఎడిటింగ్‌లో అతకవు. ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడితే కత్తిరించడానికి చోటుండదు. షూటింగ్‌లో ఇంప్రొవైజ్ చేయించవద్దు అన్నది అందుకే. ఈ సీన్‌లో ఇంకో తలనొప్పి అన్నం. ఏ మాట దగ్గర ముద్ద నోట్లో పెట్టాడు, ఏ మాట దగ్గర మింగాడు అన్నది ఖాయం చేసి ఒకరు రాసుకోవాలి. పప్పన్నం నాలుగింతలు తెచ్చి ఉంచాలి. ముద్ద చిన్నదిగా పెట్టుకోమని ముందే చెప్పకపోతే నాలుగో టేకుకు ఆయన తినలేడు.

టేకు తీసేటప్పుడు సీన్‌ను అర నిమిషం ముందు నుంచి మొదలుపెట్టండి. కొడుకు నాలుగు ట్రాక్టర్లు దాటుకుంటూ, పడుకున్నవాళ్ల కాళ్లు తొక్కకుండా నడిచి రావాలి. ఆ నడక ఫ్రేములో లేకపోయినా సరే. నిన్నటిలాగే చేయండి అని మాత్రం అనకండి. బాగా వచ్చిన రిహార్సల్‌ను తిరిగి తేవాలని చూసినప్పుడే టేకులు చచ్చిపోతాయి. చచ్చిపోయిందని ఎలా తెలుస్తుందంటే, ఒకే చోట ఒకే కొలతలో ఆగడం మొదలవుతుంది, జవాబు ప్రశ్న కన్నా ముందే ముఖంలో కనబడుతుంది. అప్పుడు కెమెరా ఎవరి మీద ఉందో వాళ్లకు కాకుండా ఎదుటివాడికి చెవిలో కొత్త సూచన ఇవ్వాలి. తండ్రి క్లోజప్ అయితే కొడుకుతో, "ఈసారి ఆయన ముఖంలోకి చూడకుండా ఒప్పించు" అని. మాటలు మారవు. తండ్రి మాత్రం కొడుకు కళ్లు వెతుక్కుంటాడు, కెమెరాకు దొరికేది అదే.

డబ్బింగ్ చెప్పించే పద్ధతిలో తీస్తుంటే ఇంకొక జాగ్రత్త. నెల తర్వాత స్టూడియోలో మైకు ముందు నిలబడితే తండ్రి గొంతు మళ్లీ భారతానికి పోతుంది, ఎందుకంటే అక్కడ నిద్రపోయే డ్రైవర్లు లేరు. డబ్బింగ్‌లో విని పట్టుకోవడానికి షూటింగ్‌లోనే కాలరు మైకుతో గైడ్ ట్రాక్ తీసి పెట్టుకోండి. ఇద్దరినీ ఒకే రోజు పిలిపించండి. ఒకరు చెబుతున్నప్పుడు ఇంకొకరు గాజు అవతల కాకుండా మూరెడు దూరంలో, మాట్లాడకుండా, కూర్చుని ఉండాలి.